1.5 వోల్ట్ సెల్, 470 ఓం, ఒక డయోడ్: పీస్‌వైజ్ లెక్కా లోడ్ లైనూ ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: సార్, మాది రాయగడ. డిప్లొమా రెండో ఏడాది. 1.5 వోల్ట్ సెల్, 470 ఓం రెసిస్టర్, 1N4007 డయోడ్ సిరీస్‌లో పెట్టాం. డయోడ్‌కి 0.7 వోల్ట్, 10 ఓం తీసుకుని పీస్‌వైజ్ మోడల్‌తో చేయమన్నారు. చేస్తే 1.67 మిల్లీయాంప్, 0.717 వోల్ట్ వచ్చింది. అదే డయోడ్‌కి నేను తీసిన రీడింగులతో గ్రాఫ్ గీసి లోడ్ లైన్ వేస్తే దాదాపు 1.86 మిల్లీయాంప్, 0.62 వోల్ట్ వస్తోంది. ఏది కరెక్ట్? రికార్డ్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. నా రీడింగులు:

```
I (mA)   V (V)
 0.5     0.565
 1       0.596
 2       0.628
 3       0.646
 5       0.669
10       0.700
```

సమాధానం:

తమ్ముడూ, గ్రాఫ్‌లో వచ్చిందే కరెక్ట్. అలాగని పీస్‌వైజ్ పద్ధతి తప్పు కాదు. అందులో వేసిన 0.7, 10 అనే రెండు అంకెలు నీ డయోడ్‌వి కావు, పైగా అవి రెండూ ఒకే గీతకు చెందినవి కూడా కావు. నేను పర్లాకిమిడిలో చాలాకాలంగా పిల్లలకు ల్యాబ్ చెబుతున్నాను, ఈ లెక్క దగ్గర ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. నీ రీడింగులు బాగా తీశావు కాబట్టి వాటితోనే మొత్తం చేసి చూపిస్తాను.

ముందు 0.717 అనే జవాబు నిలబడదని నీ టేబుల్‌తోనే తేల్చుకోవచ్చు. నీ డయోడ్ 0.700 వోల్ట్ దగ్గరే 10 మిల్లీయాంప్ లాగుతోంది. అంటే 0.717 దగ్గర అంతకంటే ఎక్కువే లాగాలి. కానీ నీ సర్క్యూట్‌లో డయోడ్‌ని పూర్తిగా షార్ట్ చేసినా 1.5 ని 470 తో భాగిస్తే వచ్చే 3.19 మిల్లీయాంప్ కంటే ఎక్కువ పారదు. కాబట్టి ఈ సర్క్యూట్‌లో ఈ డయోడ్ మీద 0.717 వోల్ట్ ఉండడం కుదరదు. జవాబు వచ్చాక దాన్ని మళ్ళీ డయోడ్ కర్వ్ మీద పెట్టి చూసుకోవడం అలవాటు చేసుకో. నీ జవాబు 1.67 మిల్లీయాంప్, 0.717 వోల్ట్ కదా, ఆ బిందువు నీ కర్వ్‌కి చాలా కుడి పక్కన, దూరంగా పడుతుంది.

లోడ్ లైన్‌ని ఎందుకు నమ్మాలో కూడా చెబుతాను. సెల్ వోల్టేజ్‌లోంచి రెసిస్టర్ మీద పడేది తీసేస్తే మిగిలేదే డయోడ్ మీద ఉంటుంది. లోడ్ లైన్ చెప్పేది ఇంతే:

```
I = (1.5 - V) / 470
```

ఇందులో డయోడ్ గురించి ఎలాంటి ఊహా లేదు. డయోడ్ ఎలా ప్రవర్తిస్తుందో నువ్వు కొలిచిన కర్వ్ చెబుతుంది, మిగతా సర్క్యూట్ ఏం ఒప్పుకుంటుందో ఈ గీత చెబుతుంది. రెండింటికీ సరిపోయే బిందువు అవి కలిసే చోటు ఒక్కటే, అదే ఆపరేటింగ్ పాయింట్. ఇందులో తప్పు వచ్చిందంటే అది కొలతలో వచ్చినదైనా కావాలి, గీయడంలో వచ్చినదైనా కావాలి.

గీయడంలో ఒక చిన్న సంగతి ఉంది. పుస్తకాల్లో లోడ్ లైన్‌ని రెండు అక్షాలనూ తాకేలా వేస్తారు: ఒక కొన 1.5 వోల్ట్ దగ్గర, ఇంకో కొన 3.19 మిల్లీయాంప్ దగ్గర. అలా వేయాలంటే గ్రాఫ్ పేపర్ మీద సున్నా నుంచి 1.5 దాకా స్కేల్ తీసుకోవాలి. అప్పుడు నీ డయోడ్ కర్వ్ అంతా 0.56 కీ 0.70 కీ మధ్య సన్నటి నిలువు గీతలా ఇరుక్కుపోతుంది, 0.62 నా 0.64 నా అన్నది కంటికి ఆనదు. ఆ కొనలు పేపర్ మీద కనబడాల్సిన పని లేదు. అడ్డంగా 0.50 నుంచి 0.75 వరకే తీసుకో, ఒక సెంటీమీటర్‌కి 0.02 వోల్ట్. నిలువుగా ఒక సెంటీమీటర్‌కి అర మిల్లీయాంప్. లోడ్ లైన్‌కి కావాల్సిన రెండు బిందువులు ఈ హద్దుల్లోనే లెక్క కట్టు. V 0.50 అయితే కరెంట్ 2.13 మిల్లీయాంప్, V 0.75 అయితే 1.60 మిల్లీయాంప్. ఆ రెండూ కలిపితే దాదాపు పడుకున్నట్టుండే గీత వస్తుంది, డయోడ్ కర్వ్ దాన్ని నిటారుగా కోసుకుంటూ పోతుంది. కలిసే చోటు స్పష్టంగా తెలుస్తుంది: 0.624 వోల్ట్ చుట్టుపక్కల, 1.86 మిల్లీయాంప్.

ఇక పీస్‌వైజ్ మోడల్. వంకరగా ఉన్న కర్వ్‌లో మనకు కావాల్సిన చిన్న ముక్కను తిన్నటి గీత అనుకోవడమే ఇందులో చేసే పని. ఏ తిన్నటి గీతకైనా రెండు అంకెలు కావాలి. ఒకటి దాని వాలు, వోల్టేజ్ తేడాని కరెంట్ తేడాతో భాగిస్తే వచ్చే r. రెండోది ఆ గీతను కిందికి పొడిగిస్తే వోల్టేజ్ అక్షాన్ని ఎక్కడ తాకుతుందో ఆ విలువ, దాన్ని V0 అందాం. ఈ V0 అనేది కంటికి కర్వ్ పైకి లేచినట్టు కనబడే చోటు కాదు. డయోడ్‌లో కరెంట్ బాగా పారుతున్నప్పుడు దాని మీద ఉండే వోల్టేజ్ కూడా కాదు. ఆ ముక్క గీతను పొడిగిస్తే తగిలే చోటు, అంతే. నీ లెక్క చెడిపోయింది సరిగ్గా ఇక్కడ. 0.7 అనేది నీ డయోడ్‌కి 10 మిల్లీయాంప్ పారుతున్నప్పుడు దాని మీద ఉన్న మొత్తం వోల్టేజ్. ఆ మొత్తంలో వాలు వల్ల వచ్చే భాగం అప్పటికే కలిసి ఉంది. దాన్ని V0 అనుకుని, దాని మీద మళ్ళీ 10 ఓం వల్ల వచ్చే డ్రాప్ కలిపావు. ఒకే డ్రాప్‌ని రెండుసార్లు లెక్క వేసినట్టయింది.

మరి 10 ఓంకి జోడీ ఏది? నీ టేబుల్‌లో 3 నుంచి 5 మిల్లీయాంప్ ముక్క చూడు. వోల్టేజ్ 0.646 నుంచి 0.669 కి వెళ్ళింది, అంటే 2 మిల్లీయాంప్‌కి 23 మిల్లీవోల్ట్. వాలు 11.5 ఓం. దాన్ని కిందికి పొడిగిస్తే V0 సుమారు 0.61 వస్తుంది. అంటే 10 ఓం దరిదాపుల్లో ఉన్న గీతకు జోడీ 0.61 గానీ 0.7 కాదు. r ఒక చోటు నుంచి, V0 ఇంకో చోటు నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే నీ డయోడ్ కర్వ్‌ని ఎక్కడా తాకని గీత తయారవుతుంది.

ఇప్పుడు నీ సర్క్యూట్‌కి సరైన ముక్క ఎంచుకుందాం. లోడ్ లైన్ గీసినా, మనసులో అంచనా కట్టినా తెలిసేది ఒకటే. డయోడ్ మీద 0.6 చొప్పున పోతే మిగిలిన 0.9 వోల్ట్ 470 ఓం మీద పడుతుంది, కరెంట్ 1.9 మిల్లీయాంప్ దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి మనకు కావాల్సింది 1 నుంచి 2 మిల్లీయాంప్ ముక్క. అక్కడ వోల్టేజ్ 0.596 నుంచి 0.628 కి పెరిగింది.

```
r  = (0.628 - 0.596) / 1 mA = 32 ohm
V0 = 0.596 - 1 mA x 32 ohm = 0.564 V

I  = (1.5 - 0.564) / (470 + 32) = 1.864 mA
V  = 0.564 + 1.864 mA x 32 ohm = 0.624 V
```

గ్రాఫ్‌లో వచ్చిందే వచ్చింది. ఇక్కడ ఆగకుండా చివరి మెట్టు తప్పక ఎక్కాలి. వచ్చిన 1.864 మిల్లీయాంప్ మనం ఎంచుకున్న 1 కీ 2 కీ మధ్యే ఉందా? ఉంది, కాబట్టి జవాబు చెల్లుతుంది. ఇది చూసుకోకపోతే ఏమవుతుందో 5 నుంచి 10 మిల్లీయాంప్ ముక్కతో చేసి చూపిస్తాను. అక్కడ r 6.2 ఓం, V0 0.638. ఈ జోడీ నిజంగా ఒకే గీతది, అందులో తప్పు లేదు. లెక్క కడితే 1.81 మిల్లీయాంప్, 0.649 వోల్ట్ వస్తాయి. కానీ 1.81 అనేది 5 కీ 10 కీ మధ్య లేదు. మనం ఆ గీతను అది కర్వ్‌ని వదిలేసిన చోట వాడుకున్నామన్న మాట. వచ్చిన 1.81 ని బట్టి ఇప్పుడు 1–2 ముక్కకు రావాలని అదే చెబుతోంది, మళ్ళీ లెక్క కట్టాలి. సాధారణంగా ఒకసారి మార్చితే సరిపోతుంది.

ఈ రెండు తప్పు లెక్కల్లో ఒకటి గమనించు. కరెంట్‌లో తేడా తక్కువ, డయోడ్ వోల్టేజ్‌లో తేడా ఎక్కువ. 5–10 ముక్కతో కరెంట్ తప్పింది సుమారు 3 శాతం. వోల్టేజ్ తప్పింది 25 మిల్లీవోల్ట్, డయోడ్‌కి అది చిన్నదేమీ కాదు. కారణం 470 ఓం. కరెంట్‌ని ఎక్కువగా నిర్ణయించేది అదే, డయోడ్ మోడల్‌లో ఎంత పొరపాటు చేసినా అది కొంతవరకు కాస్తుంది. అందుకే 12 వోల్ట్ సప్లై, 1 కిలో ఓం ఉన్న లెక్కల్లో 0.7 వేసి వదిలేసినా ఎవరికీ ఇబ్బంది రాదు. అక్కడ డయోడ్ మీద 0.1 వోల్ట్ తప్పు పట్టినా కరెంట్‌లో ఒక శాతం కూడా మారదు. నీ సెల్ ఉన్నది ఒకటిన్నర వోల్ట్, అందులో డయోడే దాదాపు 0.6 తీసుకుంటోంది. ఇలాంటి చోట 0.7 అని కళ్ళు మూసుకుని వేస్తే కుదరదు.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు కాబట్టి చెబుతున్నాను. ఆపరేటింగ్ పాయింట్ దగ్గర 0.624 ని 1.864 మిల్లీయాంప్‌తో భాగిస్తే 335 ఓం వస్తుంది. అది ఆ ఒక్క బిందువుకి మొత్తం వోల్టేజ్‌నీ మొత్తం కరెంట్‌నీ చూపే నిష్పత్తి. మోడల్‌లో V0 పక్కన పెట్టాల్సిన r అది కాదు. r ఎప్పుడూ తేడాల నిష్పత్తే.

సరే, కాగితం మీద కలిసింది. ఇప్పుడు సర్క్యూట్ కట్టి కొలుస్తావు కదా, అక్కడ మళ్ళీ తేడా వచ్చి బెంబేలు పడకు. మన ఊళ్ళలో దొరికే చవక డిజిటల్ మల్టీమీటర్‌ని కరెంట్ కొలవడానికి సిరీస్‌లో పెడితే, దాని లోపలి రెసిస్టెన్స్ కూడా సర్క్యూట్‌లో కలుస్తుంది. వాటిలో సాధారణంగా `20m` రేంజ్‌లో సుమారు 10 ఓం, `2000µ` రేంజ్‌లో సుమారు 100 ఓం ఉంటుంది. కరెంట్ 2 మిల్లీయాంప్ లోపే కదా, ఎక్కువ అంకెలు కనబడతాయని `2000µ` లో పెట్టావనుకో. నీ లోడ్ లైన్‌లో 470 కాస్తా 570 అయింది. 0.936 ని 602 తో భాగిస్తే 1.55 మిల్లీయాంప్. మీటర్ కూడా అంతే చూపిస్తుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు, తానున్న సర్క్యూట్‌లో పారే కరెంటే చూపించింది. నాబ్ తిప్పి `20m` లో పెడితే అదే సర్క్యూట్ 1.83 చూపిస్తుంది. రేంజ్ మారిస్తే రీడింగ్ అలా కదిలిందంటే మీటర్ రెసిస్టెన్స్ లోడ్ లైన్‌లో దూరిందని అర్థం.

అందుకే కరెంట్‌ని నేరుగా కొలవకు. రెసిస్టర్‌ని సర్క్యూట్‌లో పెట్టకముందే ఓం రేంజ్‌లో కొలిచి రాసుకో. బంగారు రంగు పట్టీ ఉన్న 470 ఓం నిజానికి 447 నుంచి 493 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఆ తర్వాత సర్క్యూట్ నడుస్తుండగా దాని మీద వోల్టేజ్ కొలిచి, ఆ కొలిచిన ఓంతో భాగించు. వోల్టేజ్ రేంజ్‌లో మీటర్ రెసిస్టెన్స్ మెగా ఓంలలో ఉంటుంది, నీ 470 కి అది ఏమీ అంటదు. సెల్‌ని కూడా సర్క్యూట్ కలిపి ఉన్నప్పుడే కొలువు. కొత్త సెల్ 1.5 కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. లోడ్ లైన్ మొదలవ్వాల్సింది సెల్ మీద అచ్చువేసిన అంకె దగ్గర నుంచి కాదు, నువ్వు చదివిన అంకె దగ్గర నుంచి. డయోడ్ కర్వ్ తీసేటప్పుడు వోల్ట్‌మీటర్ కచ్చితంగా డయోడ్ రెండు కాళ్ళ మీదే ఉండాలి, అమ్మీటర్‌ని కలుపుకుని కాదు. కలుపుకుంటే 10 మిల్లీయాంప్ దగ్గర 0.700 బదులు 0.800 కనబడేది. నీ రీడింగులు చూస్తే ఆ తప్పు చేయలేదని తెలుస్తోంది.

వేడి సంగతి కూడా మన వైపు వాళ్ళకు పట్టించుకోక తప్పదు. సిలికాన్ డయోడ్‌కి ఒకే కరెంట్ దగ్గర వోల్టేజ్, డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్ట్ చొప్పున తగ్గుతుంది. కర్వ్ మొత్తం ఎడమకి జరుగుతుంది, లోడ్ లైన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నువ్వు రీడింగులు 25 డిగ్రీల దగ్గర తీశావనుకుందాం. అదే డయోడ్‌ని డిసెంబర్లో తెల్లవారుజామున కోరాపుట్ కొండ మీద 10 డిగ్రీల చలిలో పెడితే V0 ఇంచుమించు 0.594 అవుతుంది. ఆపరేటింగ్ పాయింట్ 1.80 మిల్లీయాంప్, 0.652 వోల్ట్. మే నెల మధ్యాహ్నం రాయగడలో 40 డిగ్రీల గదిలో V0 0.534 కి దిగుతుంది, అప్పుడు 1.92 మిల్లీయాంప్, 0.596 వోల్ట్. బిందువు లోడ్ లైన్ మీదే జారింది. కరెంట్ మారింది 0.12 మిల్లీయాంపే, వోల్టేజ్ మాత్రం 56 మిల్లీవోల్ట్ జరిగింది. ఇది కళ్ళారా చూడాలంటే వోల్ట్‌మీటర్ డయోడ్ మీద ఉంచి, డయోడ్ నల్లటి ఒంటిని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకో, కాళ్ళు తాకకు. చల్లటి పూట అయితే చివరి అంకెలు మెల్లగా కిందికి దిగుతాయి, వదిలేస్తే మళ్ళీ ఎక్కుతాయి. కాబట్టి కర్వ్ ఒక రోజు, సర్క్యూట్ ఇంకో రోజు కొలిచి, పది మిల్లీవోల్ట్ తేడా వచ్చిందని లెక్కను అనుమానించకు. రెండూ ఒకే పూట కొలువు.

ఇప్పుడు ఈ మోడల్ ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం, వైవాలో అడిగే అవకాశం ఉన్నది కూడా ఇదే. సెల్ అరిగిపోతూ వస్తే లోడ్ లైన్ వాలు మారదు, 470 అలాగే ఉంది కాబట్టి. గీత మొత్తం తనకు సమాంతరంగా కిందికి దిగుతుంది. సెల్ 1.2 వోల్ట్‌కి వచ్చినప్పుడు అదే V0, అదే r తో లెక్క కడితే 1.27 మిల్లీయాంప్, 0.605 వోల్ట్. ఇంకా 1–2 ముక్కలోనే ఉన్నాం, బాగానే ఉంది. 0.9 కి పడిపోతే అదే లెక్క 0.67 మిల్లీయాంప్ ఇస్తుంది, అది 1 కంటే తక్కువ. ముక్క మార్చాలి. 0.5 నుంచి 1 మిల్లీయాంప్ మధ్య వోల్టేజ్ 31 మిల్లీవోల్ట్ పెరిగింది, కాబట్టి r 62 ఓం, V0 0.534. ఇప్పుడు కరెంట్ 0.688 మిల్లీయాంప్, వోల్టేజ్ 0.577. చూడు, r ఒక్కసారిగా రెట్టింపయింది. డయోడ్‌లో కరెంట్ సగం అయితే వాలు దాదాపు రెట్టింపు అవుతుంది, అది దాని స్వభావం. అందుకే డయోడ్ మొత్తానికీ ఒకే r అనేది ఉండదు.

దీనికి ఇంకో హద్దు ఉంది. నువ్వు రెండు బిందువుల మధ్య గీసిన గీత కర్వ్‌ని ఆ రెండు చోట్లే తాకుతుంది, మధ్యలో కొంచెం దూరంగా పోతుంది. ఆపరేటింగ్ పాయింట్ కనుక్కోవడానికి ఆ దూరం పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆ బిందువు చుట్టూ చిన్న ఏసీ సిగ్నల్ కలిపితే ఎంత ఊగుతుందని అడిగితే మాత్రం 32 ఓం వాడకూడదు. అప్పుడు కావాల్సింది సరిగ్గా 1.86 మిల్లీయాంప్ దగ్గర కర్వ్‌కి తాకే గీత వాలు. నీ రీడింగులను బట్టి అది సుమారు 24 ఓం. దాన్ని కొలిచి తెలుసుకోవాలంటే 1.7, 2.0 లాంటి దగ్గర దగ్గర బిందువులు రెండు తీసుకో. మీటర్ 2 వోల్ట్ రేంజ్ ఒక మిల్లీవోల్ట్ వరకే చూపిస్తుంది కాబట్టి మరీ దగ్గరగా తీసుకుంటే తేడా కంటే చివరి అంకె ఊగిసలాటే ఎక్కువైపోతుంది.

టేబుల్ లేని డయోడ్ ఎప్పుడైనా చేతికొస్తే మల్టీమీటర్ డయోడ్ గుర్తు రేంజ్‌లో పెట్టి చూడు. చాలా మీటర్లు అక్కడ ఇంచుమించు ఒక మిల్లీయాంప్ పంపిస్తాయి, అందుకే 1N4007 కి 0.7 బదులు 0.58, 0.6 లాంటివి కనబడతాయి. ఒకటి రెండు మిల్లీయాంప్‌ల సర్క్యూట్‌కి మొదటి అంచనా వేయడానికి ఆ అంకె 0.7 కంటే చాలా మేలు.

రికార్డ్‌లో క్లాసులో ఇచ్చిన 0.7, 10 తో వచ్చిన జవాబు కొట్టేయకు, దాన్ని కూడా ఉంచు. దాని కింద నీ టేబుల్ నుంచి తీసిన లెక్క రాయి. V0 0.564, r 32 ఓం అని రాసిన వరుసలోనే "1 నుంచి 2 మిల్లీయాంప్ మధ్య మాత్రమే" అని, ఆ రోజు గది ఎన్ని డిగ్రీలు ఉందో కూడా రాయి. గ్రాఫ్ మీద మూడు గీతలూ వెయ్యి: కొలిచిన కర్వ్, లోడ్ లైన్, 0.7 దగ్గర మొదలయ్యే 10 ఓం గీత. ఆ మూడో గీత నీ కర్వ్‌ని తాకకుండా కుడి పక్క నుంచి పోవడం చూస్తే జవాబు ఎందుకు మారిందో దిద్దేవాళ్ళకు విడిగా చెప్పాల్సిన పని ఉండదు.